బీమార్ దోస్త్‌కు రాసిన ఖత్

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఇంతిహాన్ అంటే ఒక సవాల్ తప్పకుండా వచ్చేది. బీమార్ దోస్త్‌కు ఖత్ రాయండి. మాస్టర్ సాహెబ్ ఒక నమూనా ఖత్ బోర్డు మీద రాసిచ్చేవారు, మేము దాన్ని బట్టీ పట్టేవాళ్ళం. బీమారీ ఖబర్ విని దిల్‌కు ఎంతో సద్మా కలిగిందని మొదలై, అల్లా త్వరగా షిఫా ఇవ్వాలన్న దువాతో ముగిసేది. ఆ దోస్త్‌కు ఏం జబ్బో ఆ ఖత్‌లో ఎక్కడా ఉండేది కాదు. జ్వరమైనా, కాలు విరిగినా, అదే ఖత్. పదికి ఎనిమిది మార్కులు గ్యారంటీ.

తర్వాత తెలుగులో డిగ్రీ చేసినప్పుడు పాత తెలుగు ఉత్తరాల తీరు చదివాను. ‘ఉభయ కుశలోపరి’ అని ఒక్క మాటతో మొదలుపెట్టేవారు. ఇటు మేము క్షేమం, అటు మీరు క్షేమమని తలుస్తాము, ఇక అసలు సంగతి ఏమంటే అని. మాటలో పొదుపు ఉంది, బాగుంది. కానీ అటువైపు మనిషి ఛాతీ కోయించుకుని పడుకుని ఉంటే ఆ ఉత్తరం మొదటి మాటకే ఆగిపోతుంది. క్షేమంగా లేనివాడికి ఎట్లా రాయాలో ఆ సాంచా చెప్పదు.

ఇరవై ఏళ్ళుగా చేస్తున్న అఖ్బారు పనిలో అయితే ‘పరామర్శ’ అన్న లఫ్జ్ అరిగిపోయింది. ఫలానా నాయకుడు ఫలానా వారిని పరామర్శించారు, త్వరగా కోలుకోవాలని ఆకాంక్షించారు, పండ్లు అందజేశారు. ఇట్లాంటి వార్తలు నేనే ఎన్ని రాశానో లెక్క లేదు. వాటిలో మంచం మీద ఉన్న మనిషి మాట్లాడిన వాక్యం ఒక్కటి కూడా ఉండదు. ఫోటోలో కూడా ఆయన ముఖం సగమే కనపడుతుంది, పండ్ల సంచి పూర్తిగా కనపడుతుంది.

ఈ మూడు సాంచాలూ చేతిలో ఉన్న నేను, 2024 ఫిబ్రవరిలో, మా ఆఫీసు ఫోటోగ్రాఫర్‌కు నాలుగు జుమ్లాలు రాయడానికి రెండు రోజులు తీసుకున్నాను. ఆ రెండు రోజులు దేనికి పట్టాయో చెప్తాను. మన ఇళ్ళలో ఇయాదత్‌కు వెళ్ళడం బాగా తెలుసు. ఫోన్‌లో రాసే మిజాజ్ పుర్సీ మాత్రం ఇంకా ఎవరికీ చేతికి అలవాటైనట్టు లేదు.

ఆయన నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను భాయ్ అంటాడు. శ్రీకాళహస్తిలో ఆయన కెమెరా తెలియని వీధి లేదు. 2010 మే 26 రాత్రి ఆలయం రాజగోపురం కూలిపోయినప్పుడు ఆ దుమ్ములో నిలబడి తీసినవాళ్ళలో ఆయనా ఒకడు. ప్రతి మహాశివరాత్రికీ బ్రహ్మోత్సవాలు అన్ని రోజులూ మాడవీధుల్లోనే ఉంటాడు. జనం తలల మీదుగా కెమెరాను రెండు చేతులా పైకెత్తి, తెర వైపు చూడకుండానే ఫ్రేమ్ కుదిర్చే హునర్ ఆయనది. ఆ ఏడు శివరాత్రి మార్చి 8న. ఆయనకు బైపాస్ జరిగింది ఫిబ్రవరి 5న, తిరుపతిలో. మధ్యలో నాలుగున్నర వారాలు.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ఆయన మనసులో అప్పుడు తిరిగిన ఏకైక లెక్క అదే కాబట్టి.

ఆపరేషన్ రోజు నుంచే మా ఆఫీసు గ్రూపులో మెసేజ్‌ల వాన మొదలైంది. అందరూ మంచివాళ్ళే, అందరికీ ఆయనంటే మొహబ్బతే. కానీ వరుసగా చదివితే రెండు రకాలు కనిపించాయి. మొదటి రకం తరస్. అయ్యో, ఎంత కష్టం వచ్చిందన్నా, నిన్ను అట్లా ఊహించుకోలేకపోతున్నాం, ఏ పాపం ఎరగనివాడివి. రెండో రకం జబర్దస్తీ హుషారు. నువ్వు సింహానివి, నీకిదొక లెక్కా, వారంలో బండెక్కుతావు, శివరాత్రికి ఫస్ట్ ఫోటో నీదే.

చూడ్డానికి ఒకటి ఏడుపు, ఒకటి నవ్వు. పని మాత్రం రెండూ ఒకటే చేస్తాయి. తరస్ చూపేవాడు పైనుంచి కిందికి చూస్తాడు. మంచం మీద ఉన్నవాడు ‘బేచారా’ అయిపోతాడు. మన నానీలు దువా చేసేటప్పుడు డబ్బు కంటే ముందు అడిగేది ఏమిటి? యా అల్లా, ఎవరికీ మొహ్తాజ్ చేయకు అని. బట్టలు ఒకరు వేయాలి, నీళ్ళు ఒకరు తాపాలి అన్న రోజుల్లో మనిషికి మిగిలేది ఖుద్దారీ ఒక్కటే. ‘అయ్యో పాపం’ అన్న రెండు మాటలూ దాని మీదే పడతాయి. ఇక హుషారు మెసేజ్ సంగతి. అది కోలుకోవడాన్ని ఒక పరీక్ష చేసేస్తుంది. సింహం వారంలో లేవకపోతే ఏమనుకోవాలి? నొప్పిగా ఉందని ఎవరికి చెప్పుకోవాలి? ఆ మెసేజ్ రాసినవాడికి అయితే చెప్పలేడు. చెబితే వాడి ఉత్సాహం పాడవుతుంది.

ఒకాయన చాలా తెలివిగా రాశాడు. కూలిన గోపురం మళ్ళీ లేచింది, నువ్వూ అట్లాగే లేస్తావన్నా అని. దానికి నలభై లైకులు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. గోపురం కూలింది 2010లో, కొత్త గోపురానికి మహాకుంభాభిషేకం జరిగింది 2017 ఫిబ్రవరిలో. దాదాపు ఏడేళ్ళు! పైగా లేచింది పాతది కాదు, కొత్తది. కూలిన రాత్రి అక్కడే నిలబడ్డ మనిషికి ఆ పోలిక పంపడం ఎంతవరకు తసల్లీనో నాకైతే అర్థం కాలేదు. పోలిక అందంగా కుదిరిందంటే అది ఎక్కువసార్లు రాసినవాడి కోసమే కుదిరి ఉంటుంది.

మూడో రకం కూడా ఉందిలెండి, దాని గురించి ఎక్కువ చెప్పను. మా మేనమామకూ ఇదే ఆపరేషన్ అయింది అని మొదలుపెట్టి, ఆ మేనమామ ఇప్పుడు లేడని చివర్లో చెప్పేవాళ్ళు. వెల్లుల్లి, తెల్లమద్ది చెక్క కషాయం వాడమనేవాళ్ళు. బైపాస్ అయిన మనిషి మింగే మందుల్లో రక్తం పలచబడేవి ఉంటాయి. వాటితోపాటు ఏ కషాయం తాగాలన్నా డాక్టర్‌ని అడగాల్సిందే. గ్రూపులో చెప్పేది కాదు.

ఈ సందర్భంలో నాకు బుఖారీ షరీఫ్‌లో ఉన్న ఒక వాకియా గుర్తొచ్చింది. మనలో చాలామంది దానిలో సగమే విని ఉంటాం. ప్రవక్త (స) ఒక బీమార్ పల్లెవాసిని చూడ్డానికి వెళ్ళారు. ఎవరిని చూడ్డానికి వెళ్ళినా ఆయన చెప్పే మాటే ఇక్కడా చెప్పారు. ఫరవాలేదు, అల్లా తలిస్తే ఇది నిన్ను పాక్ చేస్తుంది అని. మన మౌల్వీ సాహెబులు ఇక్కడి వరకే చెప్పి, ఆ దువా మనకు నేర్పిస్తారు. వాకియా ఇక్కడితో ఆగదు. ఆ ముసలాయన ఒప్పుకోలేదు. పాక్ చేస్తుందంటారా? కాదు, ఇది ఒక ముసలివాడి ఒంట్లో మసిలే జ్వరం, వాణ్ణి కబర్‌కు తీసుకుపోతుంది అన్నాడు. ప్రవక్త (స) ఆయనతో వాదించలేదు, ధైర్యం తెచ్చుకో అని గద్దించలేదు. సరే, అయితే అట్లాగే అన్నారు.

ఉలమాలు ఈ హదీస్ నుంచి తీసే సబక్ ఎక్కువగా ఆ ముసలాయన మీద ఉంటుంది. మంచి మాటను కాదనుకున్నాడు, అన్నదే జరిగింది అని. అది వాళ్ళ ఇల్మ్, నేను దాని జోలికి పోను. ఒక మామూలు పాఠకుడిగా నాకు కనిపించేది మటుకు ఇంకొకటి. చెప్పాల్సిన మంచి మాట ఒక్కసారి చెప్పారు. ఎదుటివాడు తీసుకోనప్పుడు మళ్ళీ మళ్ళీ రుద్దలేదు. మంచం మీది మనిషి మాటే చివరి మాటగా వదిలేశారు. మన గ్రూపుల్లో అయితే ఆ ముసలాయనకు ఒక ఇరవై దండలు చూపే బొమ్మలు, పది సింహాలు పంపి ఉండేవాళ్ళం.

రాసే ముందు నేను చేసిన మొదటి పని వదినమ్మకు ఫోన్ చేయడం. ఆయనకు కాదు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు ఐసీయూలో ఫోన్ ఉండదు. వార్డుకు వచ్చాక కూడా ఫోన్ ఆయన చేతిలో ఉండదు, వదినమ్మ చేతిలోనో, కొడుకు చేతిలోనో ఉంటుంది. అంటే నేను రాసేది మొదట చదివేది వాళ్ళు. బహుశా పక్క మంచం వాళ్ళు వినేట్టు గట్టిగా చదివి వినిపిస్తారు. కాబట్టి ఆఫీసు జీతం సంగతులు, లోపలి గొడవలు, ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాటలు అందులో ఉండకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడే చాలా మెసేజ్‌లు ఇబ్బంది పెడతాయి.

వదినమ్మను ఎట్లా ఉన్నాడని అడగలేదు. దానికి ‘బాగున్నాడు’ అన్న ఒక్క జవాబే వస్తుంది. రాత్రి ఎట్లా పడుకుంటున్నాడు, ఏం తింటున్నాడు, డాక్టర్లు ఏమేం చేయొద్దన్నారు అని అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో కట్టి కుట్టారు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తి గట్టితనం రావడానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. అందాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. రెండు చేతులూ తల పైకి ఎత్తకూడదు. బండి నడపకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు చేతులతో నెట్టుకుని లేవకూడదు. వెల్లకిలానే పడుకోవాలి, అందుకే నిద్ర పట్టడం లేదు. కాలిలోంచి నరం తీశారు గనక ఆ కాలు వాచింది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బాలో గాలి పీల్చి ఆ బంతులు పైకి లేపాలి, అది గంట గంటకూ. దగ్గొస్తే దిండును ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గాలి. తుమ్మొస్తే అంతకంటే నరకం. నవ్వినా నొప్పే భాయ్ అంది ఆమె.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగాను. నవ్వినా నొప్పే. గ్రూపులో జోకులు పంపిస్తున్న వాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఆయన్ని నవ్వించాలని అందరూ పోటీ పడుతున్నారు, ఆయన దిండు అదుముకుని నవ్వకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు.

ఈ వివరాలన్నీ మెసేజ్‌లో రాయడానికి కాదు. ఏం రాయకూడదో తెలియడానికి. బండి ఎక్కడం ఆరు వారాల మాట అని తెలిశాక ‘త్వరగా వచ్చేయ్’ అని రాయలేం. కెమెరా బాడీ, పొడుగు లెన్స్ కలిస్తేనే రెండు కిలోలు దాటుతుంది. ఫ్లాష్, రెండో లెన్స్, బ్యాటరీలతో బ్యాగు నాలుగైదు కిలోలకు తేలిగ్గా చేరుతుంది. అంటే డాక్టర్లు గీసిన గీత సరిగ్గా ఆయన పని మొదలయ్యే చోటే ఉంది. చేతులు పైకెత్తొద్దన్నది ఇంకొక గీత. శివరాత్రి ఫోటో అంటే అదే కదా. ఆయనకు ఉన్న ఫిక్ర్ నొప్పి ఒక్కటే కాదు. ఈ ఏడు తన చోట ఇంకొకరు నిలబడతారు, వచ్చే ఏడు కూడా వాళ్ళే నిలబడతారేమో అన్నది అసలు ఫిక్ర్. ఆ భయాన్ని ఆయన ఎవరితోనూ అనలేదు. పదిహేనేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నవాడిని కాబట్టి నాకు తెలుసు.

ఆ ఫిక్ర్ పక్కన ‘మేమున్నాం, దిగులు పడకు’ అన్న మాట నిలబడదు. దానికి ఖబర్ కావాలి. అందుకని బ్యూరోలో అడిగి రెండు విషయాలు ఖాయం చేసుకున్నాను. శివరాత్రికి తిరుపతి నుంచి ఒక కుర్రాడు వస్తాడు, ఉత్సవాలు అయ్యాక వెళ్ళిపోతాడు. ఆయన చోటు ఖాళీగానే ఉంటుంది. ఇది నా నోటి మాట కాదు, బ్యూరో చీఫ్ చెప్పిన మాట. ఖాయం కానిదైతే రాసేవాణ్ణి కాదు. మంచం మీద ఉన్నవాడికి ఇచ్చిన వాదా తర్వాత తప్పిపోతే, అది తరస్ కంటే ఎక్కువ గుచ్చుతుంది.

రెండు రోజులు పట్టిన ఖత్ ఇది:

“అన్నా, ఆపరేషన్ సంగతి వదినమ్మ చెప్పింది. ఎనిమిది వారాలు చేతులు పైకెత్తొద్దంటే నీకు ఎట్లుంటుందో కొంత తెలుసు. నొప్పి ఎట్లుంటుందో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. శివరాత్రికి తిరుపతి పిల్లోడు వస్తున్నాడు, రథం అయిన మర్నాడు పోతాడు. నీ డ్యూటీ నీ పేరు మీదే ఉందని చీఫ్ చెప్పినాడు. నీ బ్యాగు నా బీరువాలో ఉంది, తాళం నా దగ్గరే. ఆదివారం ఆదివారం బ్యాటరీలు చార్జ్ పెడతా. నిన్న మన పేజీలో ‘ఎండిన స్వర్ణముఖి’ అని క్యాప్షన్ వచ్చింది, ఫోటోలో చూస్తే మడుగులో నీళ్ళున్నాయి. నువ్వు లేవు గనక ఎవరూ అడగలేదు. 22వ తేదీ గురువారం సాయంత్రం ఐదింటికి వస్తా, పది నిమిషాలు కూర్చుంటా. ఆ రోజు వద్దనిపిస్తే వదినమ్మతో ఒక మిస్డ్ కాల్ ఇప్పించు చాలు. దీనికి జవాబు రాయొద్దు. దువాలో ఉన్నావు.”

నాలుగు జుమ్లాలు అన్నాను గానీ కొంచెం ఎక్కువే అయ్యాయి. అయినా ఫోన్ తెర ఒక్కసారి కంటే ఎక్కువ జరపనక్కర్లేదు. బైపాస్ తర్వాత కొన్ని వారాలు దృష్టి నిలవదు, చదివిన లైనే మళ్ళీ చదువుతుంటారు. ఫోన్‌ను ఎత్తి పట్టుకుంటే చేయి లాగుతుంది. పొడుగు మెసేజ్ మొహబ్బతే కావచ్చు, మోయడానికి బరువే.

ఇందులో నొప్పి గురించి తెలియదని రాసిన జుమ్లా మా ఇంట్లో బహస్‌కు దారితీసింది. మా బేగం చదివి, ఇది రూఖాగా ఉంది కదా, కొంచెం హమ్దర్దీ చూపించొచ్చు కదా అంది. నీ బాధ నాకు తెలుసు అన్న మాటే ఉర్దూలో, తెలుగులో అందరూ రాసేది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆయన ఛాతీలో తీగలున్నాయి, నా ఛాతీలో లేవు. తెలుసు అంటే ఆయన తనలో తను ‘నీకేం తెలుసు’ అనుకుంటాడు. చేతులు ఎత్తలేకపోవడం ఆయనకు ఏమిటో మాత్రం నాకు నిజంగా కొంత తెలుసు. అందుకే తెలిసినదాన్ని ముందు పెట్టి, తెలియనిదాన్ని తర్వాత పెట్టాను. ఆ వరస మార్చితే మాత్రం బేగం అన్నట్టు రూఖాగానే ఉండేది.

‘నిన్ను మిస్ అవుతున్నాం’ అని రాయకుండా స్వర్ణముఖి సంగతి రాసింది కూడా ఆలోచించే. మిస్ అవుతున్నాం అంటే ఎవరికైనా వర్తిస్తుంది. ఎండిన నది అని రాసి నీళ్ళున్న ఫోటో వేస్తే డెస్కు మీద పడి గొడవ చేసేవాడు మా ఆఫీసులో ఒక్కడే. పైగా అది పగలబడి నవ్వేంత జోకు కాదు. పెదాల దగ్గర ఆగిపోతుంది, దిండు అక్కర్లేదు.

జవాబు రాయొద్దన్నది తకల్లుఫ్ కాదు. ఆ వారంలో ఆయన ఫోన్‌కు వంద దాకా మెసేజ్‌లు వచ్చాయని వదినమ్మ చెప్పింది. ప్రతిదానికీ కృతజ్ఞతలు చెప్పాలన్న దిగులు ఒకటి అదనం. అట్లాగే ‘ఏదైనా కావాలంటే అడుగు’ అన్న మాటను నేను పక్కన పెట్టాను. ఖుద్దార్ మనిషి ఎప్పుడూ అడగడు. అడగమన్నప్పుడు ఏం కావాలో ఆలోచించే పని, అడిగే సిగ్గు, రెండూ వాడి నెత్తినే పడతాయి. బ్యాటరీలు చార్జ్ పెడతా అంటే అయిపోయింది. వాడుకలో లేని బ్యాటరీ పాడవుతుందన్న బెంగ ఫోటోగ్రాఫర్లకు ఎంత ఉంటుందో వాళ్ళతో పనిచేసినవాళ్ళకు తెలుసు.

చివరి రెండు మాటల గురించి. ఆయన హిందువు, శివభక్తుడు. మా ఇద్దరి మధ్య దువా అన్న లఫ్జ్ కొత్త కాదు. ఏదైనా పెద్ద పని ముందు ‘భాయ్, నీ దువాలో వేసుకో’ అని ఆయనే అంటాడు. అందుకే రాశాను. ఆ అలవాటు లేని సహోద్యోగికైతే నా మజ్హబ్ భాషను వాళ్ళ మంచం దాకా మోసుకుపోను. మన దువా మన నమాజులో చేసుకోవచ్చు, దానికి రసీదు పంపాల్సిన పని లేదు.

పంపిన రోజు ఫిబ్రవరి 13. అంతకు ముందు రోజే ఆయన్ని డిశ్చార్జ్ చేశారు. ఆపరేషన్ నాడు పంపి ఉంటే వందలో ఒకటయ్యేది. 22న వెళ్ళాను. మా అమ్మీ ఎప్పుడూ అనే మాట ఒకటుంది, బీమార్ కే సామ్నే జాదా బాతాఁ నక్కో అని. పది నిమిషాలు అన్నాను, పన్నెండు అయ్యింది. బత్తాయిలు తీసుకుపోలేదు, ఆ ఇంట్లో అప్పటికే అవి రెండు బుట్టలు ఎండిపోతున్నాయి. పన్నెండు నిమిషాల్లో ఏడు నిమిషాలు ఆయనే మాట్లాడాడు, ఆ మూడు బంతుల్లో మూడోది ఎందుకు లేవడం లేదో చెప్పాడు. నేను లేస్తుంది అనలేదు. రెండోది ఎప్పుడు లేచింది అని అడిగాను. ఐదో రోజున అన్నాడు.

అసలు కష్టం మూడో వారం తర్వాత మొదలైంది. మెసేజ్‌లు ఆగిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, కొడుకు కాలేజీకి పోయాడు. మార్చి మొదట్లో ఒక రాత్రి ఫోన్ చేసి, “భాయ్, ఏడుపొస్తోంది. దేనికో తెలీదు. టీవీలో ఏదో ప్రకటన చూసి ఏడ్చినా” అన్నాడు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో ఇది మామూలే. గుండె బాగా కుదురుకుంటున్నా మనసు కొన్ని వారాలు వెనకబడి వస్తుంది. ధైర్యంగా ఉండు అనలేదు. ఏ ప్రకటన అని అడిగాను. చెప్పాడు, మళ్ళీ గొంతు పట్టేసింది. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత ఒకటే చెప్పాను. ఇది చాలామందికి వస్తుందట అన్నా, రెండు వారాలైనా పోకపోతే, తిండి నిద్ర పోతుంటే, చెకప్‌లో ఈ మాట కూడా చెప్పు. కాలి వాపు చెప్పినట్టే చెప్పు. వదినమ్మకూ ఆ మాటే చెప్పాను. ఆమె తేదీ రాసిన కాగితం మీద కింద రాసి పెట్టుకుంది.

శివరాత్రి రాత్రి నేను మాడవీధిలో ఉన్నాను. ఆ గుంపులోంచి ఫోటో తీసి ఆయనకు పంపాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. పంపితే నువ్వు లేవు అని గుర్తుచేసినట్టు, పంపకపోతే నిన్ను లెక్కలోంచి తీసేసినట్టు. ఇట్లాంటి చోట మనం తీర్మానించే కంటే వాళ్ళనే అడగడం నయం. ‘తిరుపతి పిల్లోడు తీసినవి చూస్తావా, రేపు చూస్తావా, అసలు వద్దా?’ అని ఒక్క లైను పంపాను. ఒంటి గంట దాటాక జవాబు వచ్చింది. ఎట్లాగూ వెల్లకిలా మేలుకునే ఉన్నాడు. ‘ఇప్పుడే పంపు.’

పదకొండు ఫోటోలు పంపాను. ఇరవై నిమిషాల తర్వాత తిరిగి వచ్చాయి. నాలుగు కొట్టేశాడు. ఒకదాని కింద హొరైజన్ వంగిపోయిందని రాశాడు, ఇంకొకదానికి పిల్లోడు మెట్టు మీద నిలబడి ఉండాల్సింది, ఎడమ వైపు మూడో ఇంటి అరుగు ఉంది కదా అని రాశాడు. చివరి ఫోటో కింద ఏమీ రాయలేదు, ఒక టిక్కు పెట్టాడు. మర్నాడు పేజీలో వేసింది ఆ ఫోటోనే.

నాలుగు రోజులకు రంజాన్ మొదలైంది. గురువారాలు నేను ఇఫ్తార్ తర్వాత వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన వీధి చివరి దాకా నడుస్తున్నాడు. ఆరో వారం చెకప్ అయ్యాక ఒక గురువారం నా బీరువా తాళం అడిగి తీసుకున్నాడు. బ్యాగు మాత్రం ఇప్పుడే వద్దన్నాడు, కెమెరా బాడీ ఒక్కటి పంపమన్నాడు, లెన్స్ లేకుండా.